సారీ సరే... సరుకెప్పుడు?

పండగ దగ్గరపడితే పావగడ తాలూకాలో నూనె బాణళ్లు పొయ్యి దిగవు. నిప్పట్లు, కజ్జికాయలు, శెనక్కాయ ఉండలు చేసి బెంగళూరులో ఉన్న మనవాళ్లకు పంపే ఇంటి వ్యాపారాలు వెంకటమ్మనహళ్లి లాంటి ఊళ్లలో కొత్తేమీ కాదు. ఒకప్పుడు బస్సు కండక్టరు చేతిలో డబ్బా పెట్టి, పిల్లోడు మెజెస్టిక్‌లో వచ్చి తీసుకుంటాడప్పా అని చెప్పి పంపేవారు. ఇప్పుడు వాట్సాప్‌లో ఆర్డరు, ఫోన్‌పేలో డబ్బు, కొరియర్‌లో సరుకు. అప్పుడు ఆలస్యమైతే అమ్మకూ కొడుక్కూ మధ్య విషయం. ఇప్పుడు ముందుగా డబ్బు కట్టిన మనిషికీ, తీసుకున్న మనిషికీ మధ్య విషయం. ఆ ఆలస్యానికి క్షమాపణ ఎలా చెప్పాలన్నదే ఈ సంపాదకీయం.

ఈమధ్య క్షమాపణ అంటే వీడియో అయిపోయింది. తప్పేం లేదు. పైగా మన సరిహద్దు ఊళ్లలో దానికో ప్రత్యేకమైన ప్రయోజనం ఉంది. మూడు దిక్కులా ఆంధ్ర నేల చుట్టిన తాలూకా ఇది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఈ పేజీ చదివే పెద్దలకు తెలుగు అక్షరం వచ్చు గానీ, వాళ్ల పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. తెలుగులో రాసి పంపిన క్షమాపణ వాళ్లకు అర్థం కాదు. కన్నడలో రాస్తే హిందూపురం, మడకశిర వైపు కొనేవాళ్లకు అర్థం కాదు. నోటితో చెప్పిన మాట ఇద్దరికీ అందుతుంది. కనుక వీడియో మంచిదే. చిక్కంతా అందులో ఏం చెబుతున్నామన్న దగ్గరే వస్తోంది.

క్షమాపణ వీడియో అంటే మన తెలుగువాళ్లకు చటుక్కున గుర్తొచ్చేది 2025 ఏప్రిల్ నాటి రాజమహేంద్రవరం పచ్చళ్ల గొడవ. ధర ఎక్కువన్న కొనుగోలుదారుకు బూతులతో కూడిన ఆడియో జవాబు వెళ్లడం, అది ఊరూవాడా పాకిపోవడం, ఆపైన క్షమాపణ వీడియోలు రావడం అందరూ చూసిందే. అది ఆలస్యం గొడవ కాదు, నోటి దురుసు గొడవ. అందులో తిరిగివ్వవలసిన సరుకు లేదు, చెప్పవలసిన తేదీ లేదు. మాట తప్పితే మాటతోనే సరిదిద్దుకోవాలి. ఆలస్యం అలా కాదు. ఆలస్యంలో ఒకరి డబ్బు ఇంకొకరి దగ్గర ఆగిపోయి ఉంటుంది. దాన్ని కన్నీళ్లు కదిలించలేవు.

ఆలస్యానికి చెప్పిన క్షమాపణ ఎలా ఉంటుందో చూడాలంటే అదే ఏడాది డిసెంబరులో ఇండిగో విమానాల వ్యవహారం చూడాలి. సిబ్బంది విశ్రాంతి వేళల కొత్త నిబంధనలకు తగ్గట్టు ముందే సర్దుకోక ఆ సంస్థ చేతులెత్తేసింది. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. బెంగళూరు విమానాశ్రయంలో పెట్టెల గుట్టల మధ్య జనం కూలబడ్డ దృశ్యాలు టీవీల్లో చూశాం. ఆరోజు సీఈఓ పీటర్ ఎల్బర్స్ వీడియోలో కనిపించి క్షమాపణ చెప్పారు. డిసెంబరు 10కీ 15కీ మధ్య పరిస్థితి కుదుటపడుతుందన్నారు. విమానం రద్దయినవారు విమానాశ్రయానికి రావద్దన్నారు. ఆ మాటలు విని ఎవరి కోపమూ చల్లారలేదు, నిజమే. కానీ ఆ వీడియోలో పనికొచ్చిన ముక్కలు సరిగ్గా ఆ రెండే. ఎప్పటికి బాగవుతుందో చెప్పిన తేదీ ఒకటి, జనం ఏం చేయాలో చెప్పిన మాట ఒకటి. మిగతాదంతా మర్యాద. డబ్బు వాపసుకు ప్రభుత్వం డిసెంబరు 7 రాత్రి 8 గంటల గడువు పెట్టాల్సి వచ్చింది. తీవ్రంగా ఇబ్బందిపడ్డవారికి 10,000 రూపాయల ప్రయాణ వోచర్లంటూ ప్రకటన వచ్చేసరికి మరి కొన్ని రోజులు పట్టింది. క్షమాపణ ముందు, లెక్క తర్వాత. అంత పెద్ద సంస్థ కనుక అది తట్టుకుంది.

చిన్న వ్యాపారి ఆ వరుసను తిరగేయాలి. లెక్క ముందు, వీడియో తర్వాత. ఎందుకో ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. అంకెలన్నీ మనం అనుకున్నవే, కానీ ఈ పని చేసే ఇల్లాలు ఎవరైనా వీటిని చూసి తలూపుతుంది.

దీపావళి అక్టోబరు 20న అనుకుందాం. తొంభై మంది తలా రెండు కిలోల నిప్పట్లు అడిగారు. అంటే 180 కిలోలు. ముగ్గురు ఆడవాళ్లు కూర్చుంటే రోజుకు 15 కిలోలు దిగుతాయి. అక్టోబరు 4న మొదలుపెడితే 12 రోజుల్లో, అంటే 15కి పూర్తి. 16న కొరియర్‌లో వేస్తామని అందరికీ మాటిచ్చారు. లెక్క సరిగ్గా ఉంది, కానీ అందులో ఒక్కరోజు కూడా వెసులుబాటు లేదు. అసలు తప్పు అక్కడే జరిగిపోయింది, ఆ సంగతి మళ్లీ చెప్పుకుందాం.

నాలుగు రోజులు బాగా నడిచింది, 60 కిలోలు తయారు. అయిదో రోజు ఒకామెకు జ్వరం. ఇద్దరే మిగిలారు, రోజుకు 10 కిలోలే. ఆరో రోజు సాయంత్రానికి, అంటే అక్టోబరు 9కి, చేతిలో 80 కిలోలు ఉన్నాయి. మిగిలిన ఆరు రోజుల్లో మహా అయితే ఇంకో 60. మొత్తం 140. డెబ్బై మందికి సరిపోతుంది, ఇరవై మందికి 40 కిలోలు తగ్గుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆలస్యం 16న జరగబోతోంది, కానీ తెలిసింది 9నే. మధ్యలో వారం రోజులున్నాయి. మామూలుగా ఆ వారం ఎలా గడుస్తుంది? రాత్రిళ్లు మేలుకుని చేసేద్దాం, ఎవరినన్నా పిలుద్దాం, దేవుడున్నాడు అనుకుంటూ గడిచిపోతుంది. 16 దాటాక ఫోన్లు మొదలవుతాయి. 18న ఫోను ఎత్తడం మానేస్తారు. 21న వీడియో వస్తుంది. ఆ వీడియో ఎంత నిజాయితీగా ఉన్నా కొన్నవాడికి దానితో పని లేదు, వాడి పండగ అయిపోయింది. అదే మాట 9న చెబితే వాడు హిందూపురం అంగట్లోనో, మల్లేశ్వరంలోనో వేరేచోట కొనుక్కోగలడు. ముందుగా చెప్పిన క్షమాపణకే విలువ, ఎందుకంటే వినేవాడి చేతిలో ఇంకా ఏదో చేసుకునే వీలుంటుంది.

సరే, 9 రాత్రి కూర్చుని లెక్క వేయాలి. కిలో 400 చొప్పున రెండు కిలోలకు 800, కొరియర్ 100, మొత్తం 900 ఒక్కొక్కరూ ముందే కట్టారు. ఇరవై మందికి 18,000. ఆ డబ్బు డబ్బాలో ఉందా? ఉండదు. బియ్యప్పిండికి, శెనక్కాయలకు, నూనెకు పోయింది. చేతిలో 9,000 ఉందనుకుందాం. అందరికీ డబ్బు వాపసు ఇచ్చేస్తామని వీడియోలో చెబితే, ఇరవై మందీ అడిగితే, పదిమందికే ఇవ్వగలరు. పదకొండో మనిషి దగ్గర ఆలస్యం కాస్తా మోసం అయిపోతుంది. చిన్న వ్యాపారాల క్షమాపణలు చెడేది ఎక్కువగా ఇక్కడే. మనసులో మోసం ఉండదు, ఆవేశంలో చేతికి మించిన మాట నోట వస్తుంది. కనుక మిగతా 9,000 సంఘం నుంచో, బంధువుల నుంచో సర్దుబాటు చేసుకున్నాకే ఫోను ముందు నిలబడాలి. నిజానికి అందరూ వాపసు అడగరు. ఎనిమిది మంది అడిగారనుకుంటే 7,200. మిగిలిన పన్నెండు మంది పండగ తర్వాతైనా సరే పంపండి అంటే, వాళ్లకు కొరియర్ ఖర్చు 100 చొప్పున తిరిగిస్తే 1,200. మొత్తం 8,400తో గండం గడుస్తుంది. నూనె, పిండి వృథా కావు, నిప్పట్లు తర్వాత సంతలోనైనా అమ్ముడుపోతాయి. కానీ మాట ఇచ్చేది 8,400 లెక్కతో కాదు, 18,000 లెక్కతో.

తేదీ కూడా అలాగే. మిగిలిన 40 కిలోలు రోజుకు 10 చొప్పున 16 నుంచి 19 దాకా చేస్తే అవుతాయి. 20 పండగ, కొరియర్ తీసుకోదు. 21న వేస్తే 23కి చేరుతుంది. వీడియోలో 23 అని చెప్పకూడదు, 25 అని చెప్పాలి. ఒకసారి తప్పిన తేదీని జనం క్షమిస్తారు, క్షమాపణలో చెప్పిన తేదీ కూడా తప్పితే క్షమించరు. వాపసు అడిగినవాళ్లు పోగా 24 కిలోలే చేయాల్సి వచ్చి పని ముందే అయిపోతే, సరుకు ముందే చేరుతుంది. దానికి ఎవరూ తగాదా పెట్టుకోరు.

ఇప్పుడు వీడియో. ముప్పావు నిమిషం చాలు. వంటింట్లోనే, వెలుతురు మొహాన పడేటట్టు నిలబడి, పొయ్యి, మిక్సీ ఆపేసి మాట్లాడాలి. ఇలా ఉంటే సరిపోతుంది:

“అందరికీ నమస్కారం. ఈరోజు అక్టోబరు 9. మీరు మా దగ్గర రెండు కిలోల నిప్పట్లకు డబ్బు కట్టినారు, 16న కొరియర్‌లో వేస్తామని చెప్పినాము. వేయలేము. మాలో ఒకరికి బాగలేదు, అయినా తప్పు మాదే, చేయగలిగినదానికంటే ఎక్కువ ఆర్డర్లు ఒప్పుకున్నాము. క్షమించండి. మీకు రెండు దారులు. డబ్బు వాపసు కావాలంటే ‘వాపసు’ అని ఒక్క మాట పంపండి, 900 రూపాయలూ 13 సాయంత్రం లోపల వేస్తాము. పండగైనాక ఫర్వాలేదనుకుంటే ‘పంపండి’ అని పెట్టండి, 25 లోపల మీ ఇంటికి చేరుతుంది, కొరియర్ నూరు రూపాయలు తిరిగిస్తాము. 12 రాత్రి లోపల చెప్పండి. చెప్పకపోతే మేమే ఫోను చేస్తాము.”

ఇంతే. మొదట్లోనే తేదీ పలకడం అతిగా అనిపించవచ్చు, కానీ అవసరం. వీడియోలు చేతులు మారుతూ వచ్చే ఏడాది పండక్కి కూడా తిరుగుతుంటాయి. తేదీ వినబడకపోతే వచ్చే ఏడాది కొనేవాడు కూడా, అయ్యో మళ్లీ లేటా అనుకుంటాడు. “వేయలేము” అన్న మాట రెండో ఊపిరిలోనే వచ్చేయాలి. కారణం ఒక్క వాక్యం. జ్వరం వచ్చినామె పేరు, ఆస్పత్రి చీటీ, ఆమె మంచం పక్కన తీసిన ఫొటో ఇవన్నీ పెట్టేవాళ్లున్నారు. అది క్షమాపణ అడగడం కాదు, జాలి అడగడం. ఆ మనిషి పరువు కూడా బజారున పడుతుంది. కొరియర్ వాళ్ల మీద, వాన మీద తోసేయడం కూడా ఇలాంటిదే. వాన నిజంగా వచ్చి ఉంటే చెప్పొచ్చు, కానీ రోజుకు ఇన్ని కిలోలేనని తెలిసీ ఒక్కరోజు వెసులుబాటు లేకుండా ఆర్డర్లు తీసుకున్నది వాన కాదు కదా.

కొనేవాళ్లలో కన్నడం వాళ్లుంటే ఇదే మాట కన్నడలో ఇంకోసారి, వేరే వీడియోగా. రెండు భాషలూ ఒకదాంట్లో కలిపితే నిడివి పెరిగి ఎవరూ చివరిదాకా వినరు.

ఇక ఎవరికి పంపాలి? ఆ ఇరవై మందికే. తొంభై మందికీ పంపితే, సరుకు సమయానికి అందబోయే డెబ్బై మంది కూడా బెంబేలెత్తి ఫోన్లు చేస్తారు, వాళ్లకు జవాబు చెప్పడంలో ఒక పూట పని పోతుంది. ఆ ఇరవై మంది ఎవరన్నది కూడా కళ్లు మూసుకుని తేల్చేది కాదు. చివర ఆర్డరిచ్చినవాళ్లను పక్కన పెట్టడం మామూలు పద్ధతి. కానీ వాళ్లలో ఎవరైనా సీమంతానికో, గృహప్రవేశానికో అడిగి ఉంటే వాళ్లది ముందు పంపి, ఆగగలిగినవాళ్లను అడిగి ఆపుకోవాలి. అందుకు వీడియో కంటే ఫోనే మేలు.

వాట్సాప్‌లో ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. స్టేటస్‌లో పెట్టిన వీడియో ఒక్కరోజుకే మాయమవుతుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పంపితే, మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే చేరుతుంది. ఒకసారి నిప్పట్లు కొన్నవాడు మన నంబరు దాచుకుంటాడన్న నమ్మకం ఏముంది? పంపేశామని మనం నిశ్చింతగా ఉంటాం, వాడికి అందనే అందదు. కనుక ఇరవై మందికీ విడివిడిగా, ఒక్కొక్కరి పేరు కింద పంపాలి. నీలం టిక్కులు కొందరు ఆపేసుకుంటారు కాబట్టి వాటినీ నమ్మకూడదు, జవాబు రానివాళ్లకు ఫోను చేయడమే. వీడియోలో ఆ మాట ఇచ్చింది అందుకే.

వాపసు డబ్బు ఏ నంబరు నుంచి వచ్చిందో ఆ నంబరుకే వేయాలి. కొనేవాళ్లకూ ఒక హెచ్చరిక. రీఫండ్ పేరు చెప్పి మోసం చేసేవాళ్లు పండగ రోజుల్లో తక్కువేం కాదు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు. ఎవరైనా పిన్ కొట్టమంటే అది ఇచ్చేవాడు కాదు, లాగేవాడు.

చట్టం ఏమంటోంది? ఆన్‌లైన్ వేదికల మీద అమ్మేవారు చెప్పిన గడువు దాటి సరుకు ఇస్తే, దాన్ని వెనక్కి తీసుకుని డబ్బు వాపసు ఇవ్వడానికి నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఎవరి చేతుల్లోనూ లేని విపత్తు వల్ల ఆలస్యమైతే మాత్రం మినహాయింపు. పనిమనిషికి జ్వరం రావడం ఆ కోవలోకి వస్తుందని ఎవరూ ఒప్పుకోరు. వాట్సాప్‌లో అమ్మే ఇంటి వ్యాపారానికి ఈ నిబంధన అక్షరాలా ఎంతవరకు వర్తిస్తుందో వకీళ్లు వాదించుకోవచ్చు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం అందరికీ వర్తిస్తుంది. అందులో 55వ సెక్షను ఈ పండగ సరుకు కోసమే రాసినట్టుంటుంది. సమయమే ముఖ్యమైన ఒప్పందంలో గడువు తప్పితే, ఒప్పందం వద్దనే హక్కు రెండోవాడిది. దీపావళి నిప్పట్లకు సమయం కంటే ముఖ్యమైంది ఏముంది?

అదే సెక్షనులో కొనేవాడు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆలస్యంగా వచ్చిన సరుకును మారుమాట్లాడకుండా తీసుకుంటే, తర్వాత ఆ ఆలస్యానికి పరిహారం అడగడానికి లేదు. అడగదలిస్తే తీసుకునేటప్పుడే చెప్పాలి. అందుకే వీడియోకు ‘పంపండి’ అని జవాబిచ్చేటప్పుడు ‘నూరు రూపాయలు తిరిగిస్తామన్నారు, ఆ మాట మీద పంపండి’ అని ఒక వాక్యం రాసి పెట్టుకోవడం మంచిది. ఆ సందేశమే కాగితం. మాట తప్పితే 2019 నాటి వినియోగదారుల చట్టం కింద కొన్నవాడు తాను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. సరిహద్దు దాటి తుమకూరు తిరగనక్కర్లేదు. 1915కు ఫోను చేసినా చాలు. తొమ్మిది వందల కోసం అంతదూరం వెళ్లేవాళ్లు అరుదే. కానీ మనవాళ్లలో తొమ్మిది వందలు పోగొట్టుకున్న ఒకడు పదిమందికి చెప్పడం అరుదు కాదు.

ఇక మొదట వదిలేసిన సంగతి. రోజుకు 15 కిలోలు చేయగలిగితే 12 రోజులకు 180 అని ఆర్డర్లు తీసుకోవడమే ఆ ఇంట జరిగిన తప్పు. పది రోజుల పనికే, అంటే 150 కిలోలకే, ఆర్డర్లు తీసుకుని రెండు రోజులు చేతిలో ఉంచుకుని ఉంటే? జ్వరం వచ్చాక కూడా 140 తయారయ్యేవి. తగ్గేది 10 కిలోలు, అంటే అయిదుగురికి. అయిదుగురికి వీడియో ఎందుకు, అయిదు ఫోన్లు చాలు. వదులుకున్న 30 కిలోలకు 12,000 రూపాయల వ్యాపారం పోతుంది, అందులో మిగిలే లాభం ఎంతో ఆ ఇల్లాలికి తెలుసు. ఇరవై మందికి వాపసు కోసం తెచ్చిన అప్పు, దాని వడ్డీ, కొరియర్ నూర్లు పక్కన పెట్టుకుని చూస్తే రెండింటిలో ఏది బరువో సంక్రాంతి ఆర్డర్లు ఒప్పుకునే ముందే తేల్చుకోవచ్చు.